పొయ్యిని చూసి రాయండి: ఇళ్ల జాబితా అధికారులకు, ఎన్యూమరేటర్లకు బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట, వనపర్తి, గద్వాల జిల్లాల జనగణన అధికారులకు, చార్జి అధికారులుగా పనిచేస్తున్న తహసీల్దార్లకు, సూపర్‌వైజర్లకు, ఎండలో ఇంటింటికీ తిరిగే ఎన్యూమరేటర్లకు నమస్కారాలు.

నేను దేవరకొండ వైపు పల్లెల్లో పాఠాలు చెప్పి రిటైరైన టీచర్‌ని. 2001లో, 2011లో జనాభా లెక్కల డ్యూటీ చేశాను. ఈసారి జనగణన మొదటి దశ అయిన ఇళ్ల జాబితాకు శిక్షణ మొదలవకముందే ఒక కార్యాలయానికి విన్నపం రాసి ఇచ్చాను. ఏ ఇంట్లో ఎన్ని కుటుంబాలు రాయాలో మన ప్రాంతపు ఉదాహరణలతో ఒక్క పేజీ కాగితం వేయించి ఎన్యూమరేటర్లకు ఇవ్వండి, అంతే నేను అడిగింది. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఆ తర్వాత వెళ్లి అడిగితే "పైనుంచి వచ్చిన మాన్యువల్ ఉంది కదా సార్" అన్నారు. మాన్యువల్ ఉంది, అందులో నిర్వచనం కూడా బాగానే ఉంది. మన వాకిళ్లలోకి వచ్చేసరికి ఆ నిర్వచనాన్ని తలా ఒక తీరుగా అర్థం చేసుకుంటున్నారు. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాను.

ముందు నిర్వచనం సంగతి. జనగణనలో కుటుంబం అంటే మామూలుగా కలిసి నివసిస్తూ, ఒకే వంటింటి భోజనం తినేవాళ్లు. పని వల్ల వేళకు కలిసి తినలేకపోయినా సరే, కుటుంబంలో వాళ్లే. రాత్రి డ్యూటీ చేసి వచ్చి చల్లారిన అన్నం తినే వాచ్‌మన్ కూడా ఆ ఇంటి లెక్కే. రక్తసంబంధం ఉండాలని ఎక్కడా లేదు. ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టి ఒకే కుటుంబం అనడానికీ లేదు, రేషన్ కార్డు ఒకటే కాబట్టి ఒకే కుటుంబం అనడానికీ లేదు. ఒక్కరే వండుకుని ఒక్కరే తింటుంటే ఆ ఒక్కరూ ఒక కుటుంబమే. మన ఊళ్లలో జనం దీన్ని ఇంకా సులువుగా చెబుతారు: పొయ్యి ఒకటా, వేరా? జనగణన అడిగేది కూడా అదే.

కానీ ఎన్యూమరేటర్ చేతిలో ఉన్న ఫారంలో కుటుంబం కంటే ముందు ఇంకో రెండు మెట్లున్నాయి. మొదటిది భవనం. రెండోది జనగణన ఇల్లు, అంటే రోడ్డు మీదకో, ఉమ్మడి వాకిట్లోకో, మెట్ల మీదకో తనకంటూ ప్రధాన ద్వారం ఉన్న భాగం. కుటుంబం మూడోది. ఒక భవనంలో రెండు మూడు జనగణన ఇళ్లు ఉండొచ్చు, ఒక జనగణన ఇంట్లో రెండు కుటుంబాలు ఉండొచ్చు. అలా ఉన్నప్పుడు ఇంటి నంబరు అదే ఉంచి, కుటుంబాలకు వేర్వేరు వరుసలు రాయాలి. చాలామంది రెండో మెట్టు మీదే ఆగిపోతారు. తలుపు ఒకటి కనపడితే కుటుంబం ఒకటి అని రాసేస్తారు. ఇంకొందరు దీనికి ఉల్టా. పెళ్లయిన కొడుకు కనపడగానే ఏమీ అడక్కుండా ఇంకో కుటుంబం రాసేస్తారు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడటానికి ఒక్క వాకిలి తీసుకుందాం. మా వైపు ఏ ఊళ్లోనైనా కనపడే వాకిలే. పెద్దాయన, పెద్దమ్మ. పెద్ద కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. చిన్న కొడుకు, కోడలు, ఒక పాప. మొత్తం తొమ్మిది మంది. ఇల్లు ఒకటే, నడుమ గోడ పెట్టలేదు. ఎన్యూమరేటర్ వెళ్లి "ఎన్ని కుటుంబాలు?" అని అడిగితే పెద్దాయన "ఒక్కటే సారూ, అందరం కలిసే ఉంటం" అంటాడు. వేరుపడ్డామని బయటివాళ్ల ముందు చెప్పడం ఆ తరానికి నామోషీ. అదే ప్రశ్న చిన్న కోడలిని అడిగితే "మాది వేరే" అంటుంది. కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టుకుని ఉంది, ఒకటని చెబితే అది ఎక్కడ పోతుందోనని ఆమె టెన్షన్. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

"నిన్న రాత్రి అన్నం ఎవరు వండిండ్రు, ఎవరెవరు తిన్నరు? బియ్యం ఏ డబ్బాల నుంచి తీసిండ్రు?" అని అడిగితే విషయం బయటపడుతుంది. పెద్ద కోడలు గ్యాస్ మీద వాళ్ల నలుగురికి వండుతుంది. చిన్న కోడలు తన ముగ్గురికి, అత్తామామలకు కలిపి వండుతుంది. పెద్దమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచుకుంటుంది, ఒక్కోసారి తనకిష్టమైన కూర కూడా చేసుకుంటుంది. ఎన్యూమరేటర్ ఇక్కడ మూడు పొయ్యిలు లెక్కపెడితే తప్పు. అన్నం వండే చోట్లు రెండే. కాబట్టి కుటుంబాలు రెండు, ఒకటి నలుగురితో, ఇంకొకటి ఐదుగురితో.

ఇప్పుడు కుటుంబానికి ఎంతమంది అన్న సగటు చూడండి. తలుపును చూసి రాసినాయన లెక్కలో ఈ వాకిలి సగటు 9. అన్నం ఎక్కడ వండుతున్నారో అడిగి రాసినాయన లెక్కలో 4.5. కట్టెల పొయ్యినీ కలుపుకుని మూడు రాసినాయన లెక్కలో 3. మనుషులు వాళ్లే, వాకిలి అదే, ఒక్క బిడ్డ కూడా ఎక్కువ పుట్టలేదు, ఒక్కరు కూడా ఊరు విడిచి పోలేదు. అయినా సగటు మూడింతలు మారింది. ప్రాంతాల మధ్య కుటుంబ పరిమాణం ఎందుకు తేడాగా ఉంటుంది అని చర్చించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

తేడాలు మాత్రం నిజంగానే ఉన్నాయి. 2011 లెక్కల్లో ఉత్తరప్రదేశ్‌లో సగటున ఒక కుటుంబానికి సుమారు ఆరుగురు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నలుగురు. తమిళనాడులో నాలుగు కంటే కూడా కాస్త తక్కువ. "అక్కడ పిల్లలు ఎక్కువ, ఇక్కడ తక్కువ" అని ఒక్క మాటలో తేల్చేయడం మనకు అలవాటు. అందులో నిజం ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉత్తరప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.4 మంది పిల్లలైతే తెలంగాణలో 1.8. అయితే పిల్లల లెక్క ఒక్కటే కారణమైతే కేరళలో కుటుంబాలు అందరికంటే చిన్నగా ఉండాలి. జననాల రేటు మనకంటే చాలా ముందే అక్కడ పడిపోయింది. అయినా 2011లో కేరళ సగటు నాలుగుకు కొంచెం పైనే ఉంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే తక్కువ లేదు.

మిగతా తేడా ఎక్కడినుంచి వస్తుందంటే, పెళ్లయిన కొడుకు ఎప్పుడు వేరుపడతాడు అన్నదాని నుంచి. 900 మంది ఉన్న రెండు ఊళ్లు అనుకోండి. రెండింట్లోనూ పిల్లలు, పెద్దలు, జంటలు సరిసమానం. ఒక ఊళ్లో తండ్రి బతికున్నంత కాలం కొడుకులు కలిసే తింటారు. అక్కడ 150 కుటుంబాలున్నాయి, సగటు 6. ఇంకో ఊళ్లో పెళ్లయిన రెండు మూడేళ్లకే పొయ్యి వేరు పెట్టుకుంటారు. అక్కడ 225 కుటుంబాలు, సగటు 4. గంగా మైదానంలో మొదటి పద్ధతి ఎక్కువ, మన దగ్గర రెండోది ఎక్కువ. మన దగ్గర వేరుపడటం అంటే గొడవపడి విడిపోవడం అని కాదు. వాకిలి ఒకటే, బోరు ఒకటే, పండగ ఒకటే, వంట మాత్రం వేరు. ఇళ్ల జాబితా ఫారంలో "కుటుంబంలో ఉన్న పెళ్లయిన జంటలు ఎన్ని" అనే ప్రశ్నకు వచ్చే జవాబుల్లో ఇది కొంత కనపడుతుంది. 2011లో దేశం మొత్తం మీద 70 శాతం దాకా కుటుంబాల్లో ఉన్నది ఒక్క జంటే.

ఇంకో కారణం వలస. దీని గురించి పాలమూరు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బిహార్ నుంచి, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి మగవాళ్లు ఒంటరిగా పనికి పోవడం ఎక్కువ. భార్య, పిల్లలు అత్తగారింట్లోనే ఉంటారు, ఆ కుటుంబంలో ఒక్క మనిషి తగ్గుతాడు. పాలమూరు నుంచి మాత్రం గుంపు మేస్త్రీ వెంట ఆలుమగలు జంటగా పోతారు. మట్టి పని, రోడ్ల పని, బిల్డింగుల పని అన్నీ జోడీ కూలీ కింద నడిచేవే. చంటిపిల్లలు వెంట పోతారు, బడికి పోయే పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు. దాంతో కోస్గి, మక్తల్, అచ్చంపేట వైపు ఊళ్లలో ఒక ముసలమ్మ, ఇద్దరు మనవలు ఉండే కుటుంబాలు కనపడతాయి. అక్కడ సగటు తగ్గింది ఉమ్మడి కుటుంబం విరిగిపోవడం వల్ల కాదు, నడి వయసు వాళ్లు ఊళ్లో లేకపోవడం వల్ల. వట్టి సగటు చూసేవాళ్లకు ఈ రెండింటికీ తేడా తెలియదు.

ఇక మన రాష్ట్రం సంగతి. 2011 జనగణనలో తెలంగాణ జిల్లాల జనాభా మూడున్నర కోట్లు, కుటుంబాలు 83 లక్షల పైచిలుకు. సగటు 4.2. మూడేళ్లు దాటాక, 2014 ఆగస్టు 19న, ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. బొంబాయి, పుణె నుంచి జనం బస్సులు, రైళ్లు పట్టుకుని వచ్చి ఇంటి దగ్గర కూర్చుని పేర్లు రాయించుకున్నారు. ఆ సర్వేలో కుటుంబాలు కోటి దాటాయి. జనం మాత్రం 3 కోట్ల 60 లక్షల పైచిలుకే. సగటు 3.6కు దిగింది. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేలో కోటి 12 లక్షల కుటుంబాల్లో 3 కోట్ల 54 లక్షల మందిని రాశారు. సగటు 3.2.

2011 నుంచి 2014 లోపల మనుషులు మూడు నాలుగు శాతం పెరిగితే కుటుంబాలు ఇరవై శాతానికి పైగా పెరిగాయి. జనాభా మార్పులతో ఇది జరగదు. కార్డు, పెన్షన్, ఇల్లు అన్నీ కుటుంబానికి ఒకటి అన్నప్పుడు జనం తమను తాము కుటుంబాలుగా విడదీసి చెప్పుకున్నారని నా అభిప్రాయం. వాళ్లను తప్పుపట్టను. ఒక కార్డు మీద తొమ్మిది మంది బతికే ఇంట్లో రెండో కార్డు కోసం ప్రయత్నించడం న్యాయమైన పనే. కానీ ఆ సర్వేల సగటునూ జనగణన సగటునూ పక్కపక్కన పెట్టి "పదేళ్లలో తెలంగాణ కుటుంబం ఇంత చిక్కిపోయింది" అని రాయడం మాత్రం సరికాదు. రెండూ కొలిచింది ఒకే దాన్ని కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం నిర్వచనం ఇంకో రకం. అక్కడ రక్తసంబంధం, పెళ్లి లేదా దత్తత ఉండాలి, కలిసి ఉంటూ కలిసి తినాలి, లేదా ఒకే రేషన్ కార్డు ఉండాలి. అంటే మనం చూసిన వాకిట్లోని తొమ్మిది మంది జనగణనకు రెండు కుటుంబాలు, పాత కార్డు ఒక్కటే ఉంటే ఆ చట్టం కింద ఒక్క కుటుంబం అనొచ్చు. ఇది తెలియని ఎన్యూమరేటర్ జాబ్ కార్డు తెమ్మని అడిగి, దాన్ని చూసి ఇళ్ల జాబితా నింపుతాడు.

వీటివల్ల మామూలు జనానికి ఏమవుతుందో, మీరు ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

1. నీళ్లు. ఒక ఊరికి ఎంత నీరు కావాలో లెక్కవేసేటప్పుడు కుటుంబాల సంఖ్యను సగటుతో గుణించడం ఆఫీసుల్లో జరిగే పనే. 300 కుటుంబాల ఊరిని 3.2తో గుణిస్తే 960 మంది. అదే ఊళ్లో నిజంగా కుటుంబానికి 4.2 చొప్పున ఉంటే 1,260 మంది. మిషన్ భగీరథ గ్రామాలకు మనిషికి రోజుకు 100 లీటర్లు అనుకుంది. ఆ లెక్కన రోజుకు 30 వేల లీటర్లు తక్కువ పడతాయి. ఎండాకాలం ట్యాంకు చివర ఉన్న తండాకు నీళ్లు ఎందుకు రావని అడిగితే సమాధానం ఈ గుణకారంలోనే ఉండొచ్చు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులున్న జిల్లా మాది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఇప్పటికీ వాళ్లు మన కళ్ల ముందున్నారు. ఇక్కడ ఎవరికైనా నీళ్లు తక్కువ పడితే వాళ్లు మళ్లీ పాత బోరు దగ్గరికే పోతారు. ఒక సర్వేలోని కుటుంబాల సంఖ్యను ఇంకో సర్వేలోని సగటుతో గుణించొద్దని ప్రతి శాఖకూ మీరే రాతపూర్వకంగా చెప్పాలి. మనుషుల సంఖ్య కావాలంటే మనుషుల సంఖ్యే వాడమనండి.

2. మరుగుదొడ్డి, కుళాయి, గ్యాస్ శాతాలు. ఇవన్నీ వంద కుటుంబాలకు ఇన్ని అని వస్తాయి. ఆ వాకిట్లో ఒకటే మరుగుదొడ్డి ఉంది. ఒకే కుటుంబంగా రాస్తే "సొంతంగా ఉంది" అని పడుతుంది, లెక్క నూటికి నూరు. తొమ్మిది మంది తెల్లవారుజామున ఒకరి తర్వాత ఒకరు వరుసలో నిలబడతారన్న మాట ఎక్కడా కనపడదు. రెండు కుటుంబాలుగా రాస్తే "ఇంకొకరితో కలిసి వాడుతున్నారు" అని పడుతుంది, అది నిజం. తలుపును చూసి రాయడం వల్ల ఇరుకు దాగిపోతుంది. గదుల సంఖ్య కూడా అంతే.

3. వంతుల మీద బతికే తల్లిదండ్రులు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. నెల పెద్దోడి దగ్గర, నెల చిన్నోడి దగ్గర తినే అమ్మలు మన ఊళ్లలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. కొన్ని ఇళ్లల్లో అమ్మ ఒక దగ్గర, నాయన ఇంకో దగ్గర. ఎన్యూమరేటర్ పెద్దోడి ఇంటికి పోతే "ఈ నెల తమ్ముడి దగ్గర" అంటాడు. తమ్ముడి ఇంటికి పోయేసరికి నెల మారుతుంది, లేదా "ఆమె కార్డు అన్నతోని ఉంది" అంటాడు. ఆమె ఎక్కడా పడదు, లేదా రెండు చోట్లా పడుతుంది. ఇళ్ల జాబితాలో పేర్లన్నీ రాయరు, కుటుంబ పెద్ద పేరు, మొత్తం మనుషుల సంఖ్య మాత్రమే రాస్తారు. అందుకని ఈ తప్పు ఆ దశలో దొరకదు. ఒక్క నియమం చెప్పండి చాలు: మీరు వెళ్లిన రోజున ఆమె ఎవరి వంతులో తింటుందో ఆ కుటుంబంలో రాయాలని, ఇంకో కొడుకు ఇంట్లో అడిగి రెండోసారి పడలేదని చూసుకోవాలని. వేరే నియమం మేలనుకుంటే అదే పెట్టండి, కానీ ఆరు జిల్లాల్లోనూ ఒకటే పెట్టండి. తన పొయ్యి తనకుండి, పెన్షన్ డబ్బులతో బియ్యం తెచ్చుకుని వండుకునే ఒంటరి ముసలమ్మ సంగతి వేరు. కొడుకు అదే వాకిట్లో ఉన్నా ఆమె ఒక్కరే ఒక కుటుంబం. కొడుకుకు నామోషీ అవుతుందని ఆమెను అతని లెక్కలో కలపొద్దు. ఒంటరి వృద్ధులు ఎంతమంది ఉన్నారో తెలిసేది ఆ వరుసల వల్లనే.

4. తాళం వేసిన ఇళ్లు. ఈసారి ఇళ్ల జాబితాకు 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గడువు పెట్టి, అందులో ఒక్కో రాష్ట్రం 30 రోజులు ఎంచుకోవాలన్నారు. ఎండాకాలం పడితే వలసపోయినవాళ్లు చాలావరకు ఊళ్లో ఉండరు, తొలకరికి గానీ తిరిగిరారు. తాళం ఉన్న ఇల్లు రెండు రకాలు. మనుషులు ఉండి కొంతకాలం బయటికి పోయిన ఇల్లు ఒకటి, నిజంగా ఎవరూ ఉండని ఖాళీ ఇల్లు ఇంకొకటి. జనగణన పట్టికల్లో ఈ రెండూ వేర్వేరు. తండాలో పది తాళాలు చూసి పదీ "ఖాళీ" అని రాస్తే అక్కడ పది కుటుంబాలున్నాయన్న సంగతే జాబితాలో లేకుండా పోతుంది. రెండో దశలో మనుషుల్ని లెక్కించడానికి వెళ్లే మనిషి ఈ జాబితా పట్టుకునే తిరుగుతాడు. పక్కింటివాళ్లను అడగండి. లోపల సామాను ఉందా, దసరాకు వచ్చారా, మేకలు ఎవరికి అప్పగించి పోయారు, ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఊళ్లో ఎవరైనా చెబుతారు. మళ్లీ వెళ్లి చూడటానికి ఎన్యూమరేటర్‌కు సమయం, బండి ఖర్చు ఇవ్వండి. చందంపేట గుట్టల్లో తండా నుంచి తండాకు తిరగడం కాగితం మీద ఉన్నంత సులువు కాదు.

5. వచ్చి ఉన్నవాళ్లు. మన దగ్గరి నుంచి పోయినట్టే మన దగ్గరికీ వస్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బిహార్ హమాలీలు, ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు. బట్టీ దగ్గర ఒక్కో గుడిసెలో ఆలుమగలు, పిల్లలు తమ వంట తామే చేసుకుంటే గుడిసెకు ఒక కుటుంబం. మిల్లు షెడ్డులో పది మంది మగవాళ్లు బియ్యం, పప్పు కలిపి కొని ఒకే గిన్నెలో వండుకుంటే, బంధుత్వం లేకపోయినా ఆ పది మందీ ఒకే కుటుంబం. ఆ గదిలోనే ఎవరికి వాళ్లు హోటల్లోనో విడిగానో తింటుంటే పది మంది పది కుటుంబాలు. హైదరాబాద్‌లో మన పిల్లలు ఉండే రూముల్లోనూ ఇదే పద్ధతి. హాస్టళ్లు, గురుకులాలు, ఆశ్రమాలు, జైళ్లు మాత్రం వేరు. వాటిని సంస్థాగత కుటుంబం అంటారు. ఐదు వందల మంది పిల్లలున్న గురుకులం ఒక్క సంస్థాగత కుటుంబం. దాన్ని మామూలు కుటుంబాల్లో కలిపి వార్డు సగటు తీస్తే, పక్క వార్డు కంటే ఇక్కడి జనం ఉమ్మడిగా బతుకుతున్నట్టు కనపడుతుంది. హాస్టల్లో ఉండే పిల్లను ఇంటి దగ్గర రాయొద్దని తల్లిదండ్రులకు మెల్లగా నచ్చజెప్పాలి. బిడ్డ పేరు పోతోందని వాళ్లు భయపడతారు.

6. భయం గురించే ముఖ్యమైన మాట. జనగణనలో చెప్పింది కార్డుకు, పెన్షన్‌కు పనికిరాదు, అడ్డం కూడా రాదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులను చూసే హక్కు ఎవరికీ లేదు, వాటిని కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ కుదరదు. ఆ చట్టం ప్రకారం నేరమయ్యే పని మీద నడిచే క్రిమినల్ కేసులు ఒక్కటే మినహాయింపు. ఈ సంగతి ఊళ్లో చాటింపు వేయించండి. పంచాయతీ మైకులో చెప్పించండి. "రెండు కుటుంబాలని రాయిస్తే రెండు కార్డులు రావు, ఒకటే అని రాయిస్తే ఉన్న కార్డు పోదు" అని ఈ మాటలతోనే చెప్పించండి. ఈసారి జనం తామే ఫోన్‌లో వివరాలు నింపుకునే వీలు కూడా ఇచ్చారు. ఎదురుగా అడిగే మనిషి లేనప్పుడు ఎవరికి తోచిన కుటుంబం వాళ్లు నింపుతారు, చాలామంది రేషన్ కార్డు ముందు పెట్టుకుని నింపుతారు. నింపే పేజీలోనే, మొదటి ప్రశ్నకంటే ముందే, "ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా ఒక కుటుంబం" అని తెలుగులో పెద్ద అక్షరాలతో పెట్టమని పైవాళ్లకు రాయండి.

7. తనిఖీ. ఎన్యూమరేటర్ తప్పు చేశాడో లేదో సూపర్‌వైజర్ ఆఫీసులో కూర్చుని కూడా కొంత పసిగట్టొచ్చు. ఒక బ్లాకులో, అంటే ఒక్కో ఎన్యూమరేటర్‌కు అప్పగించే కుటుంబాల జాబితాలో, రెండు జంటలున్న కుటుంబం ఒక్కటి కూడా లేకపోతే పెళ్లయిన ప్రతి కొడుకునూ అడక్కుండా విడగొట్టాడని అనుమానించాలి. ఒక్క మనిషి కుటుంబం ఒక్కటి కూడా లేకపోతే తలుపులు లెక్కపెట్టాడని అనుమానించాలి. ఏ ఇంటి నంబరు కింద కూడా రెండు వరుసలు లేకపోతే అదీ అనుమానమే, మన ఊళ్లలో ఉమ్మడి వాకిలి లేని బ్లాకు ఉండదు. కుటుంబాల సంఖ్య డీలర్ దగ్గరున్న కార్డుల సంఖ్యతో అచ్చంగా సరిపోతే సంతోషించకండి, వెళ్లి చూడండి. అలాంటి బ్లాకుల్లో కొన్ని వాకిళ్లకు సూపర్‌వైజర్ స్వయంగా పోయి, అన్నం ఎక్కడ వండారో అడిగి సరిచూడాలని మీరు ఆదేశం ఇవ్వాలి. మనుషులు మారకుండా సగటు పెరిగినా తగ్గినా కారణం అక్కడే దొరుకుతుంది.

ఎన్యూమరేటర్లుగా పోతున్న నా తోటి టీచర్లకు, అంగన్‌వాడీ అమ్మలకు ఒక మాట. "ఎన్ని కుటుంబాలు" అని అడగకండి, అది వాళ్ల పరువు మీదకు పోతుంది. నిన్న రాత్రి వంట గురించి అడగండి. మగవాళ్లు గడప దగ్గరే జవాబు చెప్పి పంపించేయాలని చూస్తారు. ఇంట్లో వండేవాళ్లను అడగండి, వాళ్లకే తెలుసు. ఎవరినీ వంటింట్లోకి వెళ్లి చూపించమని అడగాల్సిన పని లేదు. ఫారంలో వంటగది ఉందా అన్న ప్రశ్న వేరు, అది గది గురించి. గది లేకుండా చెట్టు కింద వండుకునేవాళ్లూ ఒక కుటుంబమే.

అధికారులకు నా విన్నపం మళ్లీ అదే. పైన చెప్పిన వాకిలి, వంతుల అమ్మ, తాళం వేసిన తండా ఇల్లు, మిల్లు షెడ్డు, ఈ నాలుగు ఉదాహరణలతో ఒక్క పేజీ కాగితం అచ్చువేయించి శిక్షణ చివరి రోజున ప్రతి ఎన్యూమరేటర్ చేతికీ ఇవ్వండి. నేను రాసిన ముసాయిదా మీ కార్యాలయంలోనే ఎక్కడో ఉంది. అందులో తప్పులుంటే దిద్దండి, నా పేరు తీసేయండి, కాగితం మాత్రం వాళ్లకు అందేలా చూడండి. అలా ఇవ్వడం కుదరదనుకుంటే ఎందుకు కుదరదో ఒక్క వాక్యంలో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
జనాభా లెక్కల డ్యూటీ చేసిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా.